టీడీఎస్ పట్టుకున్నారు, 26ఏఎస్‌లో లేదు: కంపెనీ చేత రిటర్న్ ఎలా సరిచేయించుకోవాలి

ఆదాయపు పన్ను రిటర్న్‌లు వేసే సీజన్ వస్తే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. "బిల్లులో పది శాతం కట్ చేసి ఇచ్చారండీ, 26ఏఎస్ తీస్తే ఆ డబ్బు ఎక్కడా కనపడటం లేదు. కంపెనీవాళ్ళను అడిగితే మేం కట్టేశాం అంటున్నారు." 26ఏఎస్ అంటే మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. డబ్బు ప్రభుత్వానికి చేరుతుంది, కానీ అది మీ పేరు మీద చేరిందని చెప్పే కాగితం తప్పుగా వెళ్తుంది. ఆ కాగితమే టీడీఎస్ రిటర్న్. దాన్ని సరిచేయగలిగింది దాన్ని వేసినవాళ్ళు మాత్రమే. మీరూ సరిచేయలేరు, మీ ఆడిటరూ సరిచేయలేరు, డిపార్ట్‌మెంటూ తనంతట తాను సరిచేయదు. కాబట్టి మీ పనల్లా వాళ్ళను సరైన మాటతో, సరైన వివరాలతో అడగడం.

ఇక్కడ రాస్తున్నది జీతం కాని చెల్లింపుల గురించి, అంటే ప్రొఫెషనల్ ఫీజులు, కాంట్రాక్టు బిల్లులు, అద్దెల మీద టీడీఎస్ గురించి. వీటికి కంపెనీలు మూడు నెలలకోసారి 26క్యూ అనే రిటర్న్ వేస్తాయి. జీతానికైతే అది 24క్యూ, మిగతా దారి దాదాపు ఇదే. ఇల్లు, స్థలం కొన్నవాళ్ళు పట్టుకునే ఒక శాతం టీడీఎస్ (26క్యూబీ) మాత్రం వేరే కథ, దాన్ని కొన్నవాళ్ళే ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ సైటు అయిన ట్రేసెస్‌లో తమ లాగిన్ నుంచి సరిచేయాలి. ఇంకొక మాట: 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి ఫారాల నంబర్లు మారాయి. ఇక్కడ రాసిన నంబర్లు అంతకు ముందు సంవత్సరాలవి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరిచ్చిన బిల్లులు, వాటి తేదీలు, మొత్తాలు
- ఆ డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్. కంపెనీ పంపిన పేమెంట్ అడ్వైస్‌లో "టీడీఎస్ ఇంత" అని ఉంటే మరీ మంచిది
- ఆ సంవత్సరం 26ఏఎస్, పీడీఎఫ్‌గా
- కంపెనీ టాన్ నంబరు, అంటే టీడీఎస్ కోసేవాళ్ళకు ఉండే నంబరు. అదే కంపెనీ కట్ చేసిన వేరే వరుస మీ 26ఏఎస్‌లో ఉంటే అక్కడే దొరుకుతుంది. లేకపోతే కంపెనీ ఇచ్చిన పాత టీడీఎస్ సర్టిఫికెట్, అంటే ఫారం 16ఏలో చూడండి
- మీ పాన్ కార్డు కాపీ

1. నిజంగా లేదా, ఇంకా రాలేదా?

incometax.gov.in లో లాగిన్ అయి, e-File → Income Tax Returns → View Form 26AS నొక్కితే ట్రేసెస్ సైటుకు వెళ్తారు. అక్కడ అసెస్‌మెంట్ ఇయర్ ఎంచుకోవాలి. 2024-25లో పని చేస్తే అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. ఈ ఒక్క దగ్గర పొరబడి "అసలేమీ లేదు" అని కంగారు పడేవాళ్ళు ఏటా ఉంటారు.

తొందర కూడా వద్దు. 26క్యూ గడువులు ఇలా ఉంటాయి: ఏప్రిల్-జూన్‌కి జూలై 31, జూలై-సెప్టెంబరుకి అక్టోబరు 31, అక్టోబరు-డిసెంబరుకి జనవరి 31, జనవరి-మార్చికి మే 31. రిటర్న్ వేశాక అది ప్రాసెస్ అయి మీ ఖాతాలో కనపడటానికి మరికొన్ని రోజులు పడుతుంది. ఫిబ్రవరి బిల్లు మే నెలలో కనపడలేదంటే అది తప్పు కాదు. జూన్ రెండో వారం దాటాక కూడా లేకపోతే అప్పుడు అడగండి.

2. ఏ బిల్లు లేదో వేలు పెట్టి చూపించండి

"నా టీడీఎస్ రాలేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ త్రైమాసికంలో ఏ బిల్లు అనేది మీరే తేల్చి ఇవ్వాలి.

నా దగ్గరకు వచ్చిన ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు గారి సంగతి చెప్తాను. 2024-25లో ఒక నిర్మాణ సంస్థకు మూడు బిల్లులిచ్చారు. మే నెలలో 80,000, నవంబరులో 1,20,000, ఫిబ్రవరిలో 90,000. సెక్షన్ 194జె కింద పది శాతం చొప్పున 8,000, 12,000, 9,000 పట్టుకున్నారు, మొత్తం 29,000. 26ఏఎస్‌లో మాత్రం 17,000 ఉంది. కాగితం మీద మూడు బిల్లులూ ఒక పక్క, 26ఏఎస్ వరుసలు ఇంకో పక్క రాసి చూస్తే నవంబరు బిల్లు ఒక్కటే గల్లంతయిందని అయిదు నిమిషాల్లో తేలింది. నవంబరు అంటే మూడో త్రైమాసికం. అంటే వెతకాల్సింది ఆ ఒక్క 26క్యూలోనే.

లెక్క సరిచూసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. బిల్లులో జీఎస్టీ విడిగా చూపించి ఉంటే టీడీఎస్ జీఎస్టీ కలపని మొత్తం మీదే పడుతుంది. రెండోది, 26ఏఎస్‌లో తేదీ మీకు డబ్బు పడిన తేదీ కాకపోవచ్చు. కంపెనీ తన పుస్తకాల్లో మీ బిల్లు ఎక్కించిన తేదీ కావచ్చు. మార్చి 30న ఎక్కించి ఏప్రిల్ 20న డబ్బు ఇస్తే టీడీఎస్ పాత సంవత్సరంలోనే ఉంటుంది. దాన్ని కొత్త సంవత్సరంలో వెతికితే దొరకదు.

వరుస ఉండి, స్టేటస్ గడిలో అంతా సరిపోయిందని చెప్పే F కాకుండా U ఉంటే అది వేరే జబ్బు. రిటర్న్‌లో మీ పేరుంది కానీ, దానికి రాసిన చలాన్ బ్యాంకు పంపిన చలాన్‌తో సరిపోలేదన్నమాట. అప్పుడు అడగాల్సింది చలాన్ సవరణ.

3. చలాన్ కాపీ చూపిస్తే ఊరుకోకండి

కంపెనీ అకౌంట్స్‌వాళ్ళు మొదట చేసే పని చలాన్ కాపీ పంపడం. "ఇదిగో కట్టాం, మీ డిపార్ట్‌మెంటును అడుక్కోండి." ఇంజినీరు గారికీ అదే వచ్చింది. ఆ చలాన్ దగ్గరగా చూడండి. బ్యాంకు శాఖకు చెందిన ఏడంకెల బీఎస్ఆర్ కోడ్, తేదీ, చలాన్ సీరియల్ నంబరు, మొత్తం, కంపెనీ టాన్ ఉంటాయి. మీ పేరు, మీ పాన్ ఎక్కడా ఉండవు. ఆ నెలలో పదిమందికి కట్ చేసింది కలిపి ఒకే చలాన్‌గా కడతారు. అందులో ఎవరి వాటా ఎంత అనేది 26క్యూ రిటర్న్‌లోని వరుసలే చెప్తాయి.

కాబట్టి అడగాల్సింది చలాన్ కాదు. "మూడో త్రైమాసికం 26క్యూలో నా పేరున్న వరుస చూపించండి, అందులో పాన్ ఏముందో చెప్పండి" అని అడగండి. 27ఏ అనే కాగితం పంపినా లాభం లేదు, అందులో మొత్తాలే ఉంటాయి.

ఈ ప్రశ్నకు జవాబు వచ్చిందంటే రోగం తెలిసిపోయినట్టే. ఇంజినీరు గారి విషయంలో పాన్‌లోని నాలుగంకెల్లో మధ్య రెండూ తారుమారయ్యాయి. ఆ త్రైమాసికంలో కొత్తగా చేరినాయన చేత్తో టైపు చేశాడట. రిటర్న్ తయారు చేసే సాఫ్ట్‌వేర్ పాన్ రూపం మాత్రమే చూస్తుంది, అయిదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం ఉన్నాయా లేదా అని. అలాంటి పాన్ లోకంలో ఉందా, అది మీదేనా అని ఆ దశలో ఎవరూ అడగరు. అందుకే తప్పు ఫైలు కూడా హాయిగా దాటిపోతుంది.

4. సందేశం ఇలా పంపండి

ఫోన్ చేయండి, కానీ ఫోన్‌తో వదిలేయకండి. తేదీతో సహా మెయిల్ మీ చేతిలో ఉండాలి. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే పనికొస్తుంది. అకౌంట్స్‌లో పనిచేసే మనిషి పేరు తెలిస్తే ఆయనకు పంపి, యజమానికి కాపీ పెట్టండి. మాదిరి ఇది:

> అకౌంట్స్ విభాగం వారికి నమస్కారం. నా పాన్ [మీ పాన్], మీ టాన్ [కంపెనీ టాన్]. 2024 నవంబరులో ఇచ్చిన నా బిల్లు (మొత్తం రూ. 1,20,000) మీద మీరు సెక్షన్ 194జె కింద రూ. 12,000 టీడీఎస్ పట్టుకుని, రూ. 1,08,000 నా ఖాతాకు జమ చేశారు. ఈ 12,000 నా 26ఏఎస్‌లో రాలేదు. మే, ఫిబ్రవరి బిల్లులవి వచ్చాయి.
>
> 2024-25 మూడో త్రైమాసికం 26క్యూలో నా వరుసలో ఉన్న పాన్, మొత్తం, చలాన్ వివరాలు సరిచూసి, తప్పుంటే సవరణ స్టేట్‌మెంట్ వేయగలరు. ప్రాసెస్ అయ్యాక ట్రేసెస్ నుంచి తీసిన కొత్త ఫారం 16ఏ పంపండి. బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ, పాన్ కార్డు కాపీ, 26ఏఎస్ జతపరిచాను.

ఇందులో బతిమాలడం లేదు, బెదిరించడమూ లేదు. అవతలి మనిషి ఏ ఫైలు తెరవాలో మొదటి పేరాలోనే తెలుస్తుంది. చాలామంది పేజీల కొద్దీ బాధ రాస్తారు, త్రైమాసికం మాత్రం రాయరు.

5. వాళ్ళు వెనకాడితే ఈ సంగతి చెప్పండి

సవరణ వేయడానికి ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజేమీ లేదు. ఆలస్యానికి రోజుకు 200 రూపాయల ఫీజు మొదటి రిటర్న్ గడువు దాటితేనే. ఈ భయంతో తప్పించుకు తిరిగే అకౌంటెంట్లను చూశాను.

ఇంకా పెద్ద సంగతి ఉంది. చెల్లని పాన్ పెడితే పాన్ ఇవ్వనట్టే లెక్క, అప్పుడు పది శాతం కాదు, ఇరవై శాతం పట్టుకోవాలి. కాబట్టి ఆ తప్పు పాన్ వల్ల కంపెనీ మీద కూడా తక్కువ కోత పేరుతో నోటీసు పడుతుంది. ఇంజినీరు గారి లెక్కలో 1,20,000 మీద ఇరవై శాతం 24,000. పట్టుకున్నది 12,000. మిగతా 12,000, దాని మీద నెలకు ఒక శాతం వడ్డీ కంపెనీ కట్టాలని నోటీసు. ఆ నోటీసు నెలల క్రితమే కంపెనీ మెయిల్‌కు వచ్చి పడి ఉంది, తెరిచిన నాథుడు లేడు. "మీ ట్రేసెస్ లాగిన్‌లో డిఫాల్టు ఏమైనా ఉందేమో చూడండి, పాన్ సరిచేస్తే అదీ పోతుంది" అని నేను చెప్పించాక, మూడు వారాలుగా కదలనిది రెండు రోజుల్లో కదిలింది.

6. వాళ్ళు చేయాల్సిన పని

ఇది మీరు చేసేది కాదు. కానీ తెలిసుంటే అవతలివాళ్ళు తప్పుదారి పట్టినప్పుడు చెప్పగలుగుతారు.

దారులు రెండు. చిన్న సవరణకు ట్రేసెస్‌లోనే ఆన్‌లైన్‌గా అభ్యర్థన పెట్టి పాన్ మార్చవచ్చు. చెల్లని పాన్‌ను సరైనదిగా మార్చడం తేలిక. తప్పుగా రాసిన పాన్ నిజంగానే ఇంకొకరిదైతే దాన్ని మార్చడానికి కంపెనీ డిజిటల్ సంతకం కావాలి. అలాంటప్పుడు మీ టీడీఎస్ ఎవరో అపరిచితుడి 26ఏఎస్‌లో కూర్చుని ఉంటుంది. ఆయన రిఫండ్ తీసుకోకముందే సరిచేయించడం మంచిది.

రెండో దారి, ట్రేసెస్ నుంచి కాన్సో ఫైలు, అంటే ఆ త్రైమాసికానికి ఇప్పటిదాకా వేసిన వివరాలన్నీ ఉన్న ఫైలు దించుకుని, రిటర్న్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో సరిచేసి, మళ్ళీ అప్‌లోడ్ చేయడం. మీ వరుస అసలే లేకపోతే చేర్చాలి. దానికి ఆ చలాన్‌లో మీ 12,000కు సరిపడా మిగులు ఉండాలి. చలాన్ మొత్తం ఇతరుల వరుసలకే అయిపోయిందంటే మీది అసలు కట్టనే లేదని అర్థం. అప్పుడు ముందు వడ్డీతో కొత్త చలాన్ కట్టాలి, తర్వాతే సవరణ.

వాళ్ళు చేసే తప్పులు మూడు తరచుగా చూస్తుంటాను.

ఒకటి, అదే త్రైమాసికానికి ఇంకో కొత్త రిటర్న్ వేయడం. అది తిరిగొస్తుంది. ఒకసారి రిటర్న్ ఆమోదం పొందాక దాని మీద సవరణే వేయాలి.

రెండు, పాత కాన్సో ఫైలు వాడటం. మధ్యలో ఇంకెవరి కోసమో ఒక సవరణ వేసి ఉంటే, తాజా ఫైలు మళ్ళీ దించుకోవాలి.

మూడోది అన్నిటికన్నా ప్రమాదం: "పోనీలెండి, ఈ త్రైమాసికం రిటర్న్‌లో కలిపేస్తాం" అనడం. వినడానికి బాగుంటుంది, కానీ నిరుటి ఆదాయం తాలూకు టీడీఎస్ ఈ ఏడాది ఖాతాలో పడుతుంది. ఆదాయం ఒక సంవత్సరంలో, పన్ను ఇంకో సంవత్సరంలో చూపించుకుంటూ మళ్ళీ మీరే తిరగాలి. ఒప్పుకోకండి.

గడువు కూడా ఉంది. పాత చట్టంలో సవరణకు ఆరేళ్ళు ఉండేది. కొత్త చట్టం దాన్ని రెండేళ్ళకు కుదించింది. అసలు రిటర్న్ ఏ ఆర్థిక సంవత్సరంలో వేయాల్సి ఉందో ఆ సంవత్సరం చివరి నుంచి లెక్క. 2024-25 మూడో త్రైమాసికం రిటర్న్ గడువు 2025 జనవరి 31, కాబట్టి దాన్ని 2027 మార్చి 31 లోపు సరిచేయాలి. నాలుగో త్రైమాసికం గడువు 2025 మే 31న పడింది కాబట్టి దానికి ఇంకో ఏడాది ఎక్కువ దొరుకుతుంది.

7. అయిందో లేదో ఎలా చూడాలి

"వేసేశాం సార్" అన్న మాటకు టోకెన్ నంబరు అడగండి. టోకెన్ వచ్చిందంటే ఫైలు అందిందనే, ప్రాసెస్ అయిందని కాదు. అక్కడ తిరిగొచ్చిన ఫైళ్ళు కూడా ఉంటాయి. వారం పది రోజులాగి మీ 26ఏఎస్ మళ్ళీ తీసి ఇవి చూడండి:

- వరుస సరైన అసెస్‌మెంట్ ఇయర్‌లో, సరైన టాన్ కింద ఉందా
- పట్టుకున్న పన్ను, జమ అయిన పన్ను రెండు గడుల్లోనూ 12,000 ఉందా
- స్టేటస్ F ఉందా

పాత వరుసలో మొత్తం మార్చి ఉంటే ఒక మైనస్ వరుస, ఒక కొత్త వరుస కనపడి, పక్కన B అని ఉండొచ్చు. కంపెనీ వేసిన స్టేట్‌మెంట్‌లో తప్పు సరిచేశారని దాని అర్థం. మైనస్ చూసి హడలిపోకండి, కూడితే సరిపోవాలి.

తర్వాత ట్రేసెస్ నుంచి తీసిన ఫారం 16ఏ తెప్పించుకోండి. కంపెనీ తన లెటర్‌హెడ్ మీద టైపు చేసి ఇచ్చేది చెల్లదు. 16ఏలో అంకె, 26ఏఎస్‌లో అంకె ఒకటే కావాలి. ఇంకో మాట, పోర్టల్‌లో కనపడే వార్షిక సమాచార పట్టిక ఏఐఎస్‌లో ఫీడ్‌బ్యాక్ నొక్కితే పోయిన టీడీఎస్ పుట్టుకురాదు. దాని మీద సమయం పెట్టకండి.

ఈలోపు రిటర్న్ గడువు వచ్చేస్తే

ఆదాయం దాచొద్దు. 26ఏఎస్‌లో లేదు కదా అని ఆ 1,20,000 వదిలేయడం తప్పు. ఆదాయం పూర్తిగా చూపించండి. టీడీఎస్ కూడా కంపెనీ టాన్‌తో రిటర్న్‌లోని టీడీఎస్ షెడ్యూల్‌లో పూర్తిగా రాయండని నేను చెప్తాను, మీ దగ్గర బిల్లు, బ్యాంకు రుజువు ఉంటేనే సుమా. ఇలా చేస్తే రిటర్న్‌లు ప్రాసెస్ చేసే కేంద్రం సీపీసీ, కనపడని భాగాన్ని తీసేసి లెక్క వేస్తుంది. ఇంజినీరు గారికి 7,000 రిఫండ్ రావాల్సింది పోయి, 5,000 కట్టమని 143(1) ఇంటిమేషన్ వచ్చింది. ఇది చూసి గుండె జారి కట్టేస్తారు కొందరు. కట్టకండి. Pending Actions → Response to Outstanding Demand లోకి వెళ్ళి, డిమాండ్‌తో ఏకీభవించడం లేదని, కంపెనీ సవరణ వేస్తోందని రాసి పెట్టండి. మెయిల్ కాపీ దాచుకోండి.

26ఏఎస్‌లో వరుస వచ్చాక Services → Rectification లో Reprocess the Return పెట్టండి. రాకముందు పెడితే పాత ఫలితమే మళ్ళీ వస్తుంది. అసలు రిటర్న్‌లో ఆ టీడీఎస్ రాయకుండా వదిలేసి ఉంటే రీప్రాసెస్ పనికిరాదు. అక్కడే ఉన్న పన్ను జమ సరిపోలని సవరణ ఎంచుకుని ఆ వరుస చేర్చాలి, లేదా గడువుంటే రివైజ్డ్ రిటర్న్ వేయాలి. రెక్టిఫికేషన్‌కు ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం చివరి నుంచి నాలుగేళ్ళు సమయం ఉంటుంది.

కంపెనీ అస్సలు కదలకపోతే

రెండు మెయిళ్ళు, మధ్యలో రెండు వారాలు. తర్వాత ఒక స్పీడ్ పోస్టు. అప్పటికీ లాభం లేకపోతే పోర్టల్‌లోని గ్రీవెన్స్‌లో ఫిర్యాదు పెట్టండి, ఆ కంపెనీ టాన్ ఏ టీడీఎస్ అధికారి పరిధిలో ఉందో చూసి ఆయనకూ రాయండి. డబ్బు పట్టుకుని కట్టకపోవడం చట్టం తీవ్రంగా చూసే తప్పు. ఫిర్యాదులో సెక్షన్ 205 ప్రస్తావించండి. పన్ను మీ దగ్గర కోసేశాక, ఆ మేరకు మళ్ళీ మిమ్మల్ని కట్టమని అడగకూడదని ఆ సెక్షన్ చెప్తుంది. దానికి పరిమితీ ఉంది. అది డిమాండ్ నుంచి కాపాడుతుంది గానీ, రిఫండ్ రావాలంటే మాత్రం 26ఏఎస్‌లో ఆ వరుస పడాల్సిందే. మూతపడ్డ కంపెనీల దగ్గర నా క్లయింట్లు కొందరు ఇక్కడే ఆగిపోయారు.

ఇంజినీరు గారికి రీప్రాసెస్ పెట్టాక డిమాండ్ సున్నా అయ్యి, 7,000 వచ్చింది. ఇప్పుడాయన ప్రతి త్రైమాసికం గడువు దాటిన మూడు వారాలకు 26ఏఎస్ తీసి బిల్లుల పక్కన టిక్కు పెట్టుకుంటున్నారు.